కుండీ అడుగున కన్నం

క్లినిక్‌లోకి అడుగుపెట్టగానే మొక్కలావిడకి గుండె గుభేలుమంది. రిసెప్షన్ బల్ల పక్కన మూడేళ్లుగా మహారాణిలా నిలబడ్డ పీస్ లిల్లీ నేలచూపులు చూస్తోంది. ఆకులన్నీ తడిబట్టల్లా వేలాడిపోయాయి. కిందివి పసుపురంగుకి తిరిగాయి. ఉన్న ఒక్క తెల్లపువ్వూ కమిలిపోయింది.

"అయ్యో నా తల్లీ, ఎవరే నిన్నిలా చేసింది?" అంది పైకే.

ఎవరు చేశారో కుండీకి అతికించిన కాగితం చెప్పింది. 'నీళ్లు పోయకపోవడం వల్ల మొక్క ఎండిపోయింది. బాధ్యత: మొక్కల మనిషి.' కింద మేనేజరు సంతకం, పక్కన స్టాంపు. చచ్చిపోతున్న మొక్కకి స్టాంపు కొట్టిన మనిషిని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు.

అసలు రెండు వారాలుగా ఆవిడ ఇక్కడ ఉంటే కదా! అక్కకి ఆపరేషనైతే దగ్గరుండి చూసుకోడానికి వెళ్లింది. వెళ్లేముందు ఈ పళ్ల క్లినిక్‌లో ఉన్నవాళ్లందరికీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మట్టిలోకి వేలు రెండు కణుపుల దాకా దించండి, తడి తగిలితే చుక్క పోయకండి, పొడిగా ఉంటేనే ఓ గ్లాసుడు పోయండి, అంతే. ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం ఎవరి తరం?

"వచ్చావా అమ్మా?" అంటూ మేనేజరు గదిలోంచి ఊడిపడ్డాడు. "చూశావుగా నీ నిర్వాకం. పై వారం నుంచి మూడంతస్తుల్లోనూ ప్లాస్టిక్ మొక్కలే. నీళ్లు అక్కర్లేదు, మట్టి అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు."

మూడంతస్తులంటే నలభై కుండీలు. ఒక్కోటీ తన ఇంటి వెనక పిలకగా ఉన్నప్పటి నుంచీ పెంచి తెచ్చింది. ఈ లిల్లీ అయితే మూడాకుల పిలకగా ఉన్నప్పుడు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. అవన్నీ పోతే ఆవిడ బతుకుతెరువే పోతుంది. అదీ ఎవడో చేసిన పాపానికి! ఒళ్లు భగ్గుమంది.

ఆవిడ మట్టిలో వేలు పెట్టింది. వేలు పచక్‌మని దిగిపోయింది. పైకి తీసి వాసన చూసి మొహం చిట్లించింది.

"ఎండిపోయిందా సార్ ఇది? ఇలా వచ్చి మీరూ ఓసారి వాసన చూడండి."

"ఆకులు వాడిపోతే దాహమేగా? చిన్నపిల్లాడైనా చెప్తాడు."

"వేర్లు కుళ్లినా ఆకులు వాడతాయి. తాగే నోరే లేకపోయాక ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం?"

రిసెప్షన్ పిల్ల గోడవైపు బెరుగ్గా చూసింది. అక్కడొక పట్టిక అంటించి ఉంది. పైన 'నీటి డ్యూటీ' అని పెద్దక్షరాలు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, సాయంత్రం ఒకరు. పద్నాలుగు రోజులు, ఒక్క పూట కూడా ఖాళీ లేదు. మొక్క వాడిపోయే కొద్దీ 'రెండు గ్లాసులు' అని దిద్దారు. సాయంత్రం గళ్ల నిండా మేనేజరుగారి సంతకమే.

"వేలు పెట్టి చూడమన్నాను కదే పిల్లా!"

"సార్ వద్దన్నారక్కా. వేలు పెట్టడం అశుభ్రం, పట్టిక ప్రకారం పోస్తే క్రమశిక్షణ ఉంటుందన్నారు."

క్రమశిక్షణట! క్రమం తప్పకుండా ముంచి చంపడానికి క్రమశిక్షణొకటి!

ఈ గొడవకి పెద్ద డాక్టరమ్మ లోపల్నుంచి వచ్చింది. క్లినిక్ ఆవిడదే. "ఏంటీ రభస?" అంది.

"అరగంట టైమివ్వండి మేడమ్. పాత పేపర్లు, కాస్త స్పిరిటు, ఓ జత గ్లవ్స్ ఇప్పించండి. ఎవరు చంపారో అందరి ముందూ విప్పి చూపిస్తాను. తప్పు నాదైతే నేనే గుమ్మం దిగిపోతాను."

డాక్టరమ్మ సరేనని తలూపింది.

మొక్కలావిడ పేపర్లు పరిచి కుండీని పక్కకి వాల్చింది. ముందు నీళ్లు కారాయి, తర్వాత మురుగుకంపు లేచింది. రిసెప్షన్ పిల్ల ముక్కు మూసుకుంది. మొదలు పట్టుకుని మెల్లగా లాగితే మొక్క ముద్దగా ఊడొచ్చింది. ఆవిడ ఖాళీ కుండీ తిరగేసి చూసింది. అడుగున నీళ్లు పోవడానికి కన్నం ఉందని తను చూసి చూసి కొన్న కుండీ అది, ఇప్పుడా కన్నంలో పైపుల లీకులు మూసే బూడిదరంగు ఎంసీల్ ముద్ద బిగుసుకుని కూర్చుంది.

"ఇదెవరి పనండీ?"

మేనేజరు కార్పెట్ వైపు చూశాడు. "కొత్త కార్పెట్... మరకలు పడతాయని..." అని నీళ్లు నమిలాడు.

"కార్పెట్ కోసం నా మొక్కకి ఊపిరాడకుండా చేసి, నేరం నా నెత్తిన రుద్దుతారా? మీకు చేతులెలా వచ్చాయి సార్?"

ఆవిడ స్క్రూడ్రైవర్‌తో కుళ్ళగించి ఆ ముద్దని ఊడదీసి చేతిసంచీలో వేసుకుంది.

తర్వాత గ్లవ్స్ తొడుక్కుని సింకు దగ్గర నిలబడింది. పాత మట్టంతా కుళాయి కింద సన్నటి ధారతో కడిగేసింది. నల్లబడ్డ వేర్లని వేళ్లతో పట్టుకుంటే పైతొక్క జారిపోయి దారంలాంటిది మిగిలింది. కత్తెరని స్పిరిటుతో తుడిచి, మెత్తబడ్డ వేరు ప్రతిదాన్నీ గట్టిగా తెల్లగా ఉన్న చోటు దాకా కత్తిరించింది. కుళ్లు తగిలినప్పుడల్లా మళ్లీ తుడిచింది. చివరికి పిడికెడు వేర్లు మిగిలాయి.

"ఇంకా కొయ్యాలా? ఏమీ మిగలడం లేదుగా!" అంది డాక్టరమ్మ.

"మీరైనా అంతేగా మేడమ్, పుచ్చు కొంచెం ఉంచి సిమెంటు పెడతారా?"

డాక్టరమ్మ నవ్వేసింది.

ఇన్ని ఆకుల్ని ఆ కాసిని వేర్లు మోయలేవని సగం ఆకులు, కమిలిన పువ్వు కోసేసింది. తను వెంట తెచ్చుకున్న కొబ్బరిపీచు పొడి, నీళ్లు నిలవనివ్వని తెల్లటి పెర్లైటు గుళికలు, చెక్కపెచ్చులు, గుప్పెడు వర్మికంపోస్టు కలిపి, వేర్లకి సరిపడేంత చిన్న కుండీ తీసుకుంది. దానికి అడుగున కన్నాలు నాలుగున్నాయి. పాత లోతుకే నాటి, ఒక్కసారి నీళ్లు పోసి, మిగులు కారిపోయేదాకా ఆగింది. కింద పళ్లెం పెట్టి, ఏసీ గాలి తగలకుండా కిటికీ దగ్గర వెలుతురు పడే చోట ఉంచింది.

"బతుకుతుందా?" అంది డాక్టరమ్మ.

"మాటివ్వలేను. మూడు వారాలు చూడాలి. ఎరువు వద్దు, పట్టిక వద్దు."

"అయితే మూడు వారాలు ప్లాస్టిక్ మాటా వద్దు," అంది డాక్టరమ్మ మేనేజరుతో. ఆయన మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లాడు.

మొదటి వారం ఇంకో రెండాకులు పండి రాలాయి. రెండో వారం ఉలుకూ పలుకూ లేదు. మొక్కలావిడకి తిండి సయించలేదు. మూడో వారం శనివారం వెళ్లేసరికి నడిమధ్యన చుట్టచుట్టుకుని లేతాకు ఒకటి నిక్కి చూస్తోంది.

దాని ముందు నిలబడి మేనేజరు ఎవరో పేషెంటుతో చెప్తున్నాడు. "మా స్టాఫ్ ఎంత శ్రద్ధగా నీళ్లు పోశారో! లేకపోతే చచ్చిపోయేదే."

అంతే, ఆవిడ అరికాలి మంట నెత్తికెక్కింది. సంచీలోంచి ఎంసీల్ ముద్ద తీసి రిసెప్షన్ బల్ల మీద ఠకీమని పెట్టింది. పక్కన, పాత కుండీ మీద నుంచి ఆ రోజే ఒలిచి దాచుకున్న స్టాంపు కాగితం పెట్టింది. డాక్టరమ్మ గది తలుపు తెరిచే ఉంది. డాక్టరమ్మ లేచి గుమ్మంలో నిలబడింది.

"సార్, మట్టిలో వేలు పెట్టండి," అంది మొక్కలావిడ.

"నేనా? ఇప్పుడా?"

"మీరే. ఇప్పుడే."

మేనేజరు డాక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ కదల్లేదు. ఇస్త్రీ చేసిన చొక్కా చెయ్యి పైకి మడిచి, వేలు రెండు కణుపుల దాకా దించాడు.

"తడిగా ఉంది," అన్నాడు చిన్నగా.

"తడిగా ఉంటే ఏం చెయ్యాలి?"

"...నీళ్లు పోయకూడదు."

"ఆ మాటే ఈ కాగితం మీద రాయండి. పైన రాసింది కొట్టేసి రాయండి. బాధ్యత ఎవరిదో అదీ రాయండి."

మట్టి వేలితోనే ఆయన పెన్ను పట్టుకున్నాడు. పాత వాక్యం కొట్టేశాడు. నీళ్లు ఎక్కువై, కన్నం మూసేయడం వల్ల అని రాశాడు. బాధ్యత దగ్గర 'మొక్కల మనిషి' కొట్టేసి, తన పేరే రాసుకున్నాడు.

మొక్కలావిడ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చదువుకుని మళ్లీ ఆయన ముందుకే తోసింది.

"స్టాంపు మర్చిపోయారు సార్."