ముప్పైకి రెండు ఎక్కువ

ఆత్మకూరు డిగ్రీ కాలేజీలో చివరి సెమిస్టరు. లెక్కల పేపరు డెబ్బై అయిదుకు. ముప్పై వస్తే పాసు. లిఖిత ముప్పై దగ్గరే గీత గీసుకుంది.

రేణుకాదేవి మేడం ఒప్పుకోలేదు. "పోయిన మూడు టెస్టుల్లో నువ్వు అనుకున్నదెంత, వచ్చిందెంత?"

"ముప్పై నాలుగు అనుకుంటే ముప్పై వచ్చినాయి. నలభైకి ముప్పై ఏడు. ఇరవై ఎనిమిదికి ఇరవై మూడు."

"అన్నింట్లో పెద్ద తేడా అయిదు. ముందు ఆ అయిదు కలుపు. పేపరు కష్టంగా వస్తే పనికొచ్చేట్టు ఇంకో రెండు. ముప్పై ఏడుకు రాయి."

"యాభై అనుకుంటే పోలా, మేడం?" అంది పక్కనున్న అశ్విత.

"యాభై కోసం దీనిమీదే కూర్చుంటే మిగతా పేపర్లు ఎవరు చదువుతారు, మీ నాయనా?"

ముగ్గురూ నవ్వారు. పాసైతే లిఖిత, అశ్విత ఇద్దరూ నెల్లూరులో బీఎడ్ చేరాలి, హాస్టల్లో ఒకే గదిలో ఉండాలి. రెండేళ్ళుగా అదే మాట.

పరీక్షలో లిఖిత రెండు పెద్ద ప్రశ్నలు, రెండు చిన్నవి పూర్తిగా రాసింది. ఇంకో చిన్నదాన్ని సగంలో వదిలేసింది. ఇరవై, పది, సగానికి రెండు. ముప్పై రెండు. ఇంకొకటి బాగా తెలిసిందే ఉంది, అయిదు మార్కులది. కానీ ఇంటికి పోయే సీతారామపురం బస్సు తప్పిపోతే ఇంక ఆ రోజుకు బస్సు లేదు.

ఉదయగిరిలో మా ఇంట్లో పడుకుందువులే అని అశ్విత పొద్దున్నే చెప్పింది. పోయినసారి ఉన్నప్పుడు వాళ్ళ అవ్వ, "గొర్లు కాసేవోళ్ళ పిల్ల ఎన్నాళ్ళుంటాది?" అని లోపల అడగడం లిఖిత విన్నది. రెండు ఎక్కువే కదా అనుకుని పేపరిచ్చి లేచింది.

బస్సు దొరికింది. కూర్చోడానికి సీటు కూడా దొరికింది.

ఇరవై ఎనిమిది వచ్చింది. మధ్యలో స్టెప్పులు వదిలేసినందుకు అక్కడక్కడా మార్కులు కోశారు. ఎప్పుడూ పోయేటట్టే నాలుగు పోయాయి. రీవాల్యుయేషన్‌లో ఏమీ మారలేదు. మళ్ళీ రాయాలంటే వచ్చే ఏడాది, కింది తరగతి పిల్లలతో.

ఉదయగిరి బస్టాండులో అశ్విత పెట్టె నెల్లూరు బస్సు పైకెక్కింది.

"ఆ ఒక్కటీ రాసుంటే ఏమైపోయేది, మే?" అంది అశ్విత. ఆమెకు ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి.

"బస్సుండాది కదా."

"మా ఇంట్లో ఉండమంటిని కదా."

అవ్వ అన్న మాట లిఖిత చెప్పలేదు. ఇప్పుడు చెప్తే ఎవరికి కావాలి.

"వచ్చే ఏడు వచ్చేయి. నీ మంచం ఎవరికీ ఇవ్వను."

"ఇవ్వకు," అంది లిఖిత. హాస్టలు మంచాలు అశ్విత ఇచ్చేవి కావని ఇద్దరికీ తెలుసు.

బస్సు కదిలింది. అశ్విత కిటికీలోంచి చెయ్యూపుతూనే, పక్క సీటులో కూర్చున్న పిల్ల ఏదో అడిగితే అటు తిరిగింది.