మీటరు మీది పేరు

సోలార్ పెట్టి ఏడాదైంది, పని ఎట్లుందో ఆన్‌లైన్‌లో రాసి రేటింగ్ చుక్కలు పెట్టమని మహేందర్ మెసేజ్ పంపాడు. అంతటితో ఊరుకోక పొద్దున్నే ఫోన్ కూడా చేశాడు. సుచిత్ర ఇంటి మీద పలకలు బిగించింది అతనే. కోతులు తీగ తెంపిపోతే నెలంతా ఫోనెత్తని ఘనుడూ అతనే.

"అక్కా, అయిదు చుక్కలు పెట్టు. మీ పక్కింటి కొండవ్వకు కూడా ఒక మంచి మాట చెప్పు. నీ సబ్సిడీ కాగితాలు గీ వారమే ఎక్కిస్త."

సుచిత్రకు ఒళ్లు మండింది. మీటరు చనిపోయిన మామ పేరు మీద ఉండేది, బ్యాంకు ఖాతా తనది. పెద్దమనిషి పేరు తీయడమెందుకని ఇంట్లో ఎవరూ మార్చలేదు. "పేరుదేముంది, నేను చూసుకుంట" అన్నాడు మహేందర్. చూసుకున్నాడు పాపం! రెండు పేర్లు కలవక సబ్సిడీ ఆగిపోయింది. కరెంటాఫీసు చుట్టూ తిరిగి ఆమే పేరు మార్పించింది. కొత్త కాగితాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సింది మాత్రం అతనే. ఆ డబ్బొస్తే లోను తేలికవుతుందని ఆమె ఆశ. బ్లౌజులు కుట్టి తీర్చే లోను అది.

అబద్ధం రాస్తే పనవుతుంది. చుక్కల మీద వేలు పెట్టబోతుంటే కొండవ్వ వచ్చి గడపలో కూర్చుంది.

"రేపు సోలారుకు సంతకం పెడుతున్న బిడ్డా. నువ్వు మంచిగుందంటే చాలు."

ఆమె చేతిలోని కరెంటు బిల్లు మీద పేరు ఆమె భర్త అంజన్నది. ఆయన పోయి చాలా కాలమైంది. సుచిత్రకు తన గతే గుర్తొచ్చింది. రెండు చుక్కలే పెట్టి, ఉన్నదున్నట్టు రాసింది: ఎండాకాలం బిల్లు బాగా తగ్గింది, కానీ చెప్పినట్టు సున్నా ఎప్పుడూ కాలేదు. మబ్బు పట్టిన నెలల్లో ఎండాకాలం కన్నా ఎక్కువొచ్చింది. చెడిపోతే పిలిచినా రారు. సబ్సిడీ ఇప్పటికీ రాలేదు.

కాసేపటికే ఫోన్ మోగింది. "తీసెయ్ అక్కా. లేకుంటే నీ ఫైలు నువ్వే చూసుకో."

"తియ్యను" అంది సుచిత్ర. అతను పెట్టేశాడు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"పెద్దమ్మా, ముందుగాల మీటరు నీ పేరు మీదికి మార్పించుకో. లేకుంటే నా లెక్కనే ఇరుక్కుంటవ్."

"మారిస్తే బిల్లు నా పేరు మీద వస్తదా?"

"వస్తది."

కొండవ్వ బిల్లును మడతపెట్టింది. "రేషన్ కార్డుల తీసేసిన్రు, ఓట్ల లిస్టుల తీసేసిన్రు. నెలనెలా ఆయన పేరు పిలుస్తూ ఇంటికొచ్చేది గీ బిల్లోడొక్కడే బిడ్డా. నాకొద్దు తియ్యి నీ సోలారు."

ఆమె వెళ్లిపోయింది. సుచిత్ర కుట్టు మిషన్ ముందు కూర్చుంది. పోయిన నెల కొత్త పేరుతో బిల్లొచ్చిన రోజు అత్త అన్నం ముట్టలేదు. ఎందుకని ఆ రోజు ఎవరూ అడగలేదు.