వెళ్ళిపోయినవాడి నాలుగు రౌండ్లు

లెక్కల మాస్టారు బడి నుంచి రిటైరై ఆరేళ్ళయింది గానీ, ఆయన పెత్తనం మాత్రం రిటైర్ కాలేదు. చుట్టుపక్కల చదరంగం పోటీ ఎక్కడ జరిగినా జోడీలు వేసి, తీర్పు చెప్పే ఆర్బిటర్ కుర్చీ ఆయనదే. అర పాయింటు దగ్గర కూడా ఎవరినీ ఉపేక్షించడని ఆటగాళ్ళంతా చాటున ‘అరపాయింటు మాస్టారు’ అనుకునేవాళ్ళు. ఆ మాట ఆయన చెవిన పడకపోలేదు. పైకి విసుక్కునేవారు, లోలోపల మురిసిపోయేవారు. అంతటి మనిషి ఒక ఆదివారం సాయంత్రం తలెత్తుకోలేని పరిస్థితి తెచ్చుకున్నారు. ఎవరో తోశారా అంటే అదీ లేదు. తన గొయ్యి తానే తవ్వుకున్నారు.

పోటీ లైబ్రరీ మేడ మీది హాల్లో జరిగింది. రెండు రోజులు, ఇరవై నలుగురు ఆటగాళ్ళు, ఏడు రౌండ్లు. మొదటి స్థానం ఎవరికొస్తే వాళ్ళకి ఊరి చదరంగం జట్టులో ఖాళీగా ఉన్న ఐదో బోర్డు, అంటే ఐదో ఆటగాడి స్థానం. ఒక్కటంటే ఒక్కటే చోటు.

శనివారం పొద్దున మాస్టారు మైకు పుచ్చుకుని ఎప్పటి ఉపన్యాసమే దంచారు. "ఓడినవాడు ఇంటికి పోయే పోటీ కాదిది. అందరూ ఏడు రౌండ్లూ ఆడతారు. మొదటి రౌండులో రేటింగు ప్రకారం లిస్టు వేసి సగానికి కోస్తాం. ఒకటో నంబరుకి పదమూడో నంబరు, రెండుకి పద్నాలుగు, అలాగన్నమాట. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర. ఆ తర్వాత మీ పాయింట్లే మీకు జోడీ వెతుకుతాయి. రెండున్నవాడు రెండున్నవాడితో, సున్నా ఉన్నవాడు సున్నా ఉన్నవాడితో. గుంపులో ఒకడు మిగిలిపోతే కింది గుంపులోకి దిగుతాడు. ఒకసారి తలపడ్డవాళ్ళకి మళ్ళీ జోడీ పడదు. తెల్లపావులు, నల్లపావులు వీలైనంత సమానంగా వస్తాయి. నాకు ఫలానావాడు వద్దు, ఫలానావాడే కావాలి అంటే కుదరదు. అర్థమైందా?"

"అర్థమైంది మావయ్యా," అని వెనక బల్ల దగ్గర నుంచి ఒక గొంతు. హాలంతా గొల్లున నవ్వింది.

ఆ గొంతు ఆయన మేనకోడలిది. మందుల షాపులో ఉద్యోగం, నాలుక మీద మిరపకాయ. "నేను ఆర్బిటర్‌గా ఉన్నచోట నువ్వు ఆడకపోతేనేం?" అని ఆయన ముందే అడిగి చూశారు. "నువ్వు కుర్చీలో కూర్చుంటే నేను ఆట మానుకోవాలా? భలేవాడివే!" అని దులిపేసింది. దానికి తోడు ఆమె తల్లి, అంటే మాస్టారి చెల్లెలు, ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈసారైనా దాని పేరు జట్టులో ఉంటే చూడాలని ఉంది," అంది. "నా చేతిలో ఏముందే?" అని ఆయన కసురుకున్నారు. కసురుకున్నారే గానీ, ఆ మాట చెవిలోంచి పోలేదు.

ఇంకొకావిడ ఉంది. బస్సు కండక్టరు. అందరూ కండక్టరమ్మ అంటారు. పెద్దగా మాట్లాడదు. ఎత్తు వేస్తుంది, గడియారం నొక్కుతుంది, చేతులు కట్టుకుని కూర్చుంటుంది. రెండు రోజుల సెలవు కోసం డిపోలో ఎంతమందిని బతిమాలిందో ఆవిడకే తెలియాలి. దొరికింది రోజున్నర. ఆదివారం సాయంత్రం డ్యూటీ ఎక్కి తీరాలి.

మొదటి మూడు రౌండ్లూ కండక్టరమ్మ గెలిచింది. మూడో రౌండులో ఆమెకి జోడీ పడింది ఒక ఫొటోగ్రాఫరు. అప్పటికి ఇద్దరికీ రెండేసి పాయింట్లు. ఆమె చేతిలో ఓడి, అతను షేక్‌హ్యాండ్ ఇచ్చి లేచేసరికి ఇంటి నుంచి ఫోను. భార్యకి నొప్పులు మొదలయ్యాయట. "ఇక రాలేనండి మాస్టారూ," అని పరుగో పరుగు. లాప్‌టాప్ ముందు కూర్చున్న లైబ్రేరియన్, ఫొటోగ్రాఫరు పోటీ నుంచి తప్పుకున్నట్టు నమోదు చేశాడు. అక్కడి నుంచి ఇరవై ముగ్గురే. బేసి సంఖ్య కాబట్టి రౌండుకొకరు, అట్టడుగున ఉండి అంతవరకూ ఆ అవకాశం రానివాళ్ళు, ఆడకుండానే ఒక పాయింటు పుచ్చుకుని కూర్చున్నారు.

ఐదో రౌండుకి మేనకోడలికీ, కండక్టరమ్మకీ చెరో మూడున్నర. జోడీ పడక తప్పలేదు. రెండున్నర గంటలు పోట్లాడి డ్రా చేసుకున్నారు. తర్వాతి రెండు రౌండ్లూ ఇద్దరూ గెలిచారు. చివరికి ఇద్దరికీ ఆరేసి పాయింట్లు, మిగతావాళ్ళంతా ఐదూ, అంతకన్నా కిందా.

సమానమైతే ఏం చెయ్యాలో, అదే టైబ్రేక్ సంగతి, గోడ మీద అతికించిన నిబంధనల కాగితంలో ఉంది. ముందుగా చూడాల్సింది బుక్‌హోల్జ్. పేరు నోరు తిరగదు గానీ సంగతి తేలిక. నువ్వు ఎవరెవరితో ఆడావో, ఆ ఏడుగురూ పోటీ మొత్తంలో తెచ్చుకున్న పాయింట్లు కూడాలి. ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్ళు గట్టివాళ్ళతో ఆడి నెగ్గుకొచ్చినట్టు.

లైబ్రేరియన్ లిస్టు తీసి మాస్టారి చేతిలో పెట్టాడు. కండక్టరమ్మ, ముప్పై ఒకటి. మేనకోడలు, ముప్పై.

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఒకసారి చూశారు. మళ్ళీ చూశారు. కుర్చీలో కూర్చుని, పెన్ను మూత తీసి, కండక్టరమ్మ ప్రత్యర్థుల లెక్క ఒక్కొక్కటీ రాసుకున్నారు. ఆరు, ఐదు, నాలుగున్నర, నాలుగు, నాలుగు, మూడున్నర. ఇంతవరకూ ఇరవై ఏడు. ఏడోవాడు ఫొటోగ్రాఫరు. అతని దగ్గర నాలుగు అని ఉంది.

"ఇదేమిటయ్యా? వాడు మూడు ఆటలాడి రెండు గెలిచి వెళ్ళిపోయాడు. నాలుగెక్కడివి? ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?"

"ఏమోనండి, నేనైతే ఏ సెట్టింగూ మార్చలేదు," అన్నాడు లైబ్రేరియన్ నసుగుతూ. "ఒక్కసారి ఆ కాగితం చూద్దామా మాస్టారూ?"

"కాగితం రాసిందే నేను! ముప్పై ఏళ్ళ నుంచి కూడుతున్నాను, ఈ డబ్బా నాకు కూడికలు నేర్పుతుందా?" అని, నాలుగు కొట్టేసి రెండు వేశారు. ఇరవై తొమ్మిది. చేత్తోనే కొత్త లిస్టు రాసి, మైకు పుచ్చుకుని, మేనకోడలి పేరు చదివేశారు.

చప్పట్లు మోగాయి. కండక్టరమ్మ లిస్టు దగ్గరికొచ్చి చూసింది. "ఒక్క పాయింటా..." అంది. అంతే. మేనకోడలి చెయ్యి పట్టుకుని, "బాగా ఆడావమ్మా," అని చెప్పి, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

హాలు ఖాళీ అవుతోంది. కుర్చీలు మడుస్తున్న చప్పుడు. మాస్టారు చెల్లెలికి ఫోన్ చెయ్యబోతుంటే మేనకోడలు గోడ దగ్గర నుంచి పిలిచింది. ఆ పిలుపులో నవ్వు లేదు.

"మావయ్యా, ఇలా రా. ఎనిమిదో నిబంధన చదువు."

"ఏమిటే?"

"పైకి చదువు."

చదివారు. పోటీ మధ్యలో వదిలి వెళ్ళిన ఆటగాడు ఆడని రౌండ్లను, అతని ప్రత్యర్థుల టైబ్రేక్ లెక్కలో డ్రాలుగా తీసుకోవాలి. కింద సంతకం. ఆయనదే. వంకర్లు తిరిగిన ఆ సంతకాన్ని ఎవరూ దొంగిలించలేరు.

"నాలుగు రౌండ్లు ఆడలేదు. నాలుగు అరలు రెండు. రెండూ రెండూ నాలుగు. కంప్యూటరు కరెక్టే చెప్పింది," అంది మేనకోడలు. "ఆవిడకి ముప్పై ఒకటి. నాకు ముప్పై. నాకేం ముష్టి వెయ్యమని అడిగానా నిన్ను?"

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ నిబంధన ఎందుకుందో కూడా ఆయనకి తెలుసు, ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పలేదు! జోడీ వేసేది ఆర్బిటరు. ఆడమన్నవాడితో ఆడటమే ఆటగాడి వంతు. ఆ జోడీ మధ్యలో వెళ్ళిపోతే, ఆ నష్టం ఆడినవాళ్ళ మెడకి చుట్టకూడదు. ఇంత తెలిసినవాడు ఆ క్షణాన ఎలా మర్చిపోయాడు?

"మర్చిపోయాను," అన్నారు.

"సరే, మర్చిపోయావు. పద, ఆవిడకి చెప్పాలి."

మేనకోడలి స్కూటర్ వెనక కూర్చుని డిపోకి వెళ్తున్నంతసేపూ మాస్టారు ఆ మాటనే పట్టుకుని వేలాడారు. మర్చిపోయాను. వయసు మీద పడింది. ఎవరైనా మర్చిపోతారు. కానీ మనసు ఊరుకుంటుందా, దెప్పిపొడవడం మొదలెట్టింది. ఏరా, ఇన్నేళ్ళలో ఎన్ని లిస్టులు వచ్చాయి? ఏ ఒక్కదాన్నైనా పెన్ను పెట్టి కూడావా? ఇవాళే ఎందుకు కూడావు? అక్కడికొచ్చేసరికి ఆయనకి స్కూటర్ దిగి, పారిపోతే బాగుండుననిపించింది.

కండక్టరమ్మ డిపో మెట్ల మీద యూనిఫాంలో కూర్చుని టికెట్ల మిషన్‌లో కాగితం చుట్ట ఎక్కిస్తోంది. వీళ్ళిద్దరినీ చూసి లేచి నిలబడింది.

"ఏంటి మాస్టారూ, ఇక్కడిదాకా వచ్చారు?"

ఆయన చెప్పారు. తడబడుతూ, ఫొటోగ్రాఫరు, నాలుగు రౌండ్లు, అరలు, అన్నీ చెప్పారు. మొదటి స్థానం ఆమెదేననీ, ఐదో బోర్డు ఆమెదేననీ, రేపు పొద్దున జట్టుకి వెళ్ళే కాగితంలో ఆమె పేరే ఉంటుందనీ చెప్పారు. "లెక్కలో పొరపాటు జరిగిందమ్మా, క్షమించు," అన్నారు.

ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే ఆరిపోయింది. మిషన్ మూత టక్కున మూసింది.

"ఆ లిస్టు కంప్యూటర్లోంచి వచ్చినప్పుడు పైన నా పేరే ఉందా?"

"ఉంది."

"మీరు చేత్తో కూడి మార్చారు."

"అవును."

"ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. పైన మీ మేనకోడలి పేరుండి, కింద నా పేరుంటే, మీరు పెన్ను తీసేవారా?"

మేనకోడలు పక్కనే ఉంది. చూడకపోయినా ఆమె తననే చూస్తోందని ఆయనకి తెలుస్తోంది. అబద్ధం ఆడటానికి ఒకే ఒక్క మాట చాలు, అదీ నాలుక చివరే ఉంది.

"తీసేవాణ్ణి కాదమ్మా," అన్నారు.

కండక్టరమ్మ టికెట్ల మిషన్ భుజాన తగిలించుకుంది. అవతల డ్రైవరు హారన్ కొట్టాడు.

"అందరి ముందూ మైకులో చదివారు కదా. ఇదీ అందరికీ తెలియాలి," అంది.

ఆటగాళ్ళ గ్రూపులో పెడతానని మాస్టారు అక్కడే ఫోన్ తీశారు. చూపుడు వేలుతో ఒక్కొక్క అక్షరం నొక్కి రాశారు. టైబ్రేక్ లెక్కలో పొరపాటు దొర్లింది, మొదటి స్థానం కండక్టరమ్మది, చింతిస్తున్నాను, అని. ఫోన్ ఆమెకి చూపించారు.

ఆమె చదివింది. "పొరపాటు దొర్లిందా మాస్టారూ?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళి బస్సెక్కింది.

బస్సు గేటు దాటింది. మేనకోడలు స్కూటర్ స్టార్ట్ చెయ్యలేదు, రమ్మని పిలవనూ లేదు. మాస్టారు ఆ మెట్ల మీదే కూలబడి, రాసిందంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టారు. కంప్యూటరు ఇచ్చిన లిస్టు సరిగ్గానే ఉంది, మొదటి స్థానం కండక్టరమ్మదే. నా మేనకోడలు రెండో స్థానంలో ఉందన్న ఒక్క కారణంతో నేను తప్పు వెతికాను. దొరికిందనుకున్నాను.

ఒకసారి చదువుకున్నారు. ఇరవై నలుగురికీ పంపించి, ఫోను జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.