క్యాప్షన్ల మధ్య ఖాళీ

గుండెజబ్బుతో పోయిన మా ఆయనకు ఆ జబ్బు సంగతి ముందే తెలుసా అన్న సందేహం ఏళ్లుగా నన్ను వదల్లేదు. హిందూపురంలో ఆయన ఒంటరిగా రికార్డు చేసిన పాఠాల క్యాప్షన్లను మా అమ్మాయి మంజులత ఇప్పుడు ఆయన విద్యార్థుల కోసం వీడియో సమయాలతో నోట్సుగా మారుస్తోంది. క్యాప్షన్లలో ఎక్కువసేపు ఖాళీ వస్తే, ఆయన మాట్లాడకుండా బోర్డుమీద బొమ్మ గీస్తున్నట్టు. అక్కడ వీడియో చూసి, మళ్లీ చూడాల్సిన చోటని చుక్క పెడుతుంది.

చివరి పాఠంలో ఒక ఖాళీలో బొమ్మ లేదు. ఆయన ఎదమీద చెయ్యి ఆనించి, జేబులోంచి మాత్ర తీసి నాలుక కింద పెట్టుకున్నారు.

"నాయనకు తెలుసమ్మా. ఈడ చుక్క పెట్టాల్నా?"

"వద్దు పాపా. పిల్లోళ్లకెందుకు?"

నాకెందుకు చెప్పలేదో ఆ దేవుణ్ణే అడగాలి.

మాత్ర వేసుకున్నాక ఆయన మోటారు బొమ్మ గీశారు. మళ్లీ గీసి చూపిస్తానని ధర్మవరంలో ఉండే తన విద్యార్థి వీరేష్‌కు మాటిచ్చిన బొమ్మ అదే. అక్కడ చుక్క పెట్టించి, నోట్సు వీరేష్‌కు పంపాను. ఆయన మాట బాకీ తీరింది.