నేరేడు రంగు జాకెట్

ఎల్‌బీ నగర్‌లో మా గల్లీ వాళ్ల జాకెట్లు కుట్టేది నేనే. పక్కింటి లింగమ్మ బిడ్డ జాస్మిన్‌కు ఆదివారం చర్చిలో ప్రధానం. ఆ రోజు కట్టుకునే చీరను కాబోయే అత్త రూబీ తెచ్చి ఇచ్చింది. బూడిద కలిసిన లేత లావెండర్ చీర, అంచున సన్నటి నేరేడు రంగు గీత. ఆ లావెండర్‌కే మ్యాచింగ్ గుడ్డ తెచ్చి జాకెట్ కుట్టాను.

గురువారం పొద్దున జాస్మిన్ కట్టి చూసుకుంది. చామనఛాయ పిల్ల, ఎండలో బెల్లం పాకంలా మెరిసే ముఖం. ఆ రోజు మాత్రం జ్వరపడి లేచినట్టుంది. మూడుసార్లు పౌడర్ రాసుకుంది. ఇంకా పాలిపోయింది.

"ఈ చీర నేను కట్ట, పెద్దమ్మా. నా రంగుకు ఏదీ నప్పదు."

"కట్టకుంటే ఎట్లనే? అత్త పెట్టిన మొదటి చీర. పదిమందిల ఆమె మొఖం ఏం గావాలె?" అంది లింగమ్మ.

చీర మగపెళ్లివారిది, మార్చే వీలు లేదు. జాకెట్ మాత్రం మాది.

"నీ రంగు బంగారం లెక్కుంది. తప్పు నాదే. ట్యూబ్‌లైట్ కింద చీరకు సరిపోయిందా లేదా అనే చూసిన, నీ మొఖానికి పెట్టి చూడలే. పా, దిల్‌సుఖ్‌నగర్ పోదాం. జర ఆ పౌడర్ కడుక్కో."

మెట్రో దిగి మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లాం. కౌంటర్ ఆయన మళ్లీ లావెండరే తీశాడు.

"ఇదేనండీ కరెక్ట్ మ్యాచింగ్."

"మ్యాచింగ్‌తోనే పరేషాన్ అయినం అన్నా. ముదురు రంగులు తియ్యి."

మూడు గుడ్డలు, వెంట తెచ్చిన చీర పట్టుకుని జాస్మిన్‌ను గుమ్మం బయట వెలుతురులో నిలబెట్టాను.

"అమ్మా, రోడ్డు మీదకేంటండీ!"

"నీ కొట్టు ముందలనే ఉన్నం, ఉరుకుతలేం!"

మొదట ఆవపిండి పసుపు మెడ దగ్గర పెట్టాను. ముఖం వెలిగింది కానీ పక్కన చీర వెలవెలబోయింది. ముదురాకుపచ్చ బాగుంది కానీ చీరతో కలవలేదు. మూడోది అంచులోని నేరేడు రంగు. అది పెట్టగానే ముఖంలోకి రక్తం వచ్చినట్టయింది, చీర కూడా కుదురుకుంది. జాస్మిన్ ఫోన్‌లో చూసుకుంది. ఎంతసేపైనా ఫోన్ దించలేదు.

"ఒక మీటర్ కొయ్యి అన్నా," అన్నాను.

ఆదివారం చర్చిలో జాస్మిన్ నడిచి వస్తుంటే రూబీ లేచి నిలబడింది. ఆమెదీ చామనఛాయే. ప్రార్థన అయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"గీ చీర దుకాణంల గింత మంచిగ లేకుండె వదినా. పిల్ల కట్టినంకనే అందం వచ్చింది. గిట్లాంటిదే నాకొకటుంది, కట్టలేక బీరువల పెట్టిన."

"అంచు ఏం రంగు?"

"చూడలే."

"చూసి పట్కరా. పౌడర్ లేకుండ రా."

వెనక జాస్మిన్ పకపకా నవ్వింది.