నీళ్లు తాగొస్తాను సార్

ఆ సోమవారం నేను చేయాల్సిన పనులు, డైరీలో రాసుకున్నవి రాసుకున్నట్టే:

ట్రైనింగ్ సర్టిఫికెట్‌కి ఫ్రేమ్ కట్టించాలి.
పసుపు కాగితాలు కొనాలి.
ఒక హెడ్‌ఫోన్, ఒక్కటే చాలు.
ముందు వరసలో విడిగా ఒక బల్ల వేయించాలి.
శుక్రవారం సైన్సు పరీక్ష. బిందెని పాస్ చేయించాలి.

ఫ్రేమ్ పని మొదట రాశానన్నది గమనించే ఉంటారు. మా వంశంలో కాలేజీ గడప తొక్కినవాణ్ని నేనొక్కణ్నే. కాగితం మీద నా పేరు అచ్చయి కనబడితే ఇప్పటికీ తబ్బిబ్బవుతాను.

బిందె అంటే మా ఏడో తరగతి అమ్మాయి. పాఠం వంతులవారీగా చదివిస్తుంటే, తన వంతుకి సరిగ్గా ఇద్దరు ముందుండగా లేచి "నీళ్లు తాగొస్తాను సార్" అనేది. ఆ పేరు పెట్టింది పిల్లలు కాదు, నేనే. అంతటితో ఊరుకున్నానా, "మీ అమ్మాయికి దాహం ఎక్కువగా ఉంది, షుగర్ టెస్ట్ చేయించండి" అని వాళ్లమ్మకి చీటీ కూడా పంపాను. ఆవిడ పాపం చేయించింది. షుగర్ లేదు. ఆ తర్వాత స్పెషల్ టీచర్ పరీక్షించి తేల్చిందేమిటంటే, ఆ పిల్లకి డిస్లెక్సియా. తెలివికి లోటు లేదు. అక్షరాన్ని శబ్దంతో కలిపి చదవడం దగ్గరే చచ్చే కష్టం.

అప్పటికే రెండు సబ్జెక్టులు పోయాయి. "సైన్సు కూడా పోతే కింది సెక్షన్‌కి మార్చేస్తాను మాస్టారూ" అని హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పింది. కింది సెక్షన్లో చేసేది బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోవడమే. సర్క్యూట్లూ ఉండవు, ప్రయోగాలూ ఉండవు. ఇక్కడేమో ఈ పిల్ల సెలవుల్లో పాత గడియారం విప్పి, అందులోని బజర్‌ని ఇంట్లో బల్ల కింద మోగేలా బిగించిన ఘనురాలు.

నేను రంగంలోకి దిగాను. అందరికీ అందేలా పాఠాన్ని ముందే మలచడం ఎలాగో మూడు రోజుల ట్రైనింగ్‌లో విని వచ్చాను కదా! మంగళవారం ఆ అమ్మాయి ఒక్కదానికే పసుపు కాగితం మీద లావు అక్షరాలతో పాఠం, ఒక్కదానికే హెడ్‌ఫోన్, ఒక్కదానికే విడి బల్ల. క్లాసంతా వింటుండగా మైకు లేని లోటు తెలియకుండా చెప్పాను, "ఇదంతా నీకోసం ప్రత్యేకంగా చేశానమ్మా!"

ముప్పై ఏడు తలలు ఒక్కసారిగా తిరిగాయి. ఎవడో "బిందెకి ఫ్యాన్సీ మూత!" అన్నాడు.

"నీళ్లు తాగొస్తాను సార్."

గంట కొట్టేదాకా రాలేదు.

కుళాయి దగ్గర ఆమెను చూసిన స్పెషల్ టీచర్ తిన్నగా స్టాఫ్ రూముకి వచ్చింది. "మీ లెసన్ ప్లాన్ ఒకసారి ఇటివ్వండి."

గర్వంగానే ఇచ్చాను. ఆవిడ చదివి కళ్లజోడు తీసింది.

"పిల్లల్లో ఆసక్తి ఎలా పుట్టిస్తారు, పాఠం ఏయే దారుల్లో అందిస్తారు, నేర్చుకున్నది ఎలా చూపించనిస్తారు. మూడు గళ్లు బాగానే గీశారు. మూడింట్లోనూ ఒక్క పిల్ల పేరే ఉందేం?"

"ఇబ్బంది ఆ అమ్మాయికే కదా మేడం."

"మిగతా ముప్పై ఏడుగురికీ లేదని వాళ్లు చెప్పారా?"

"అడగలేదు."

"ఇబ్బంది పిల్లలో వెతక్కండి, పాఠంలో వెతకండి. దారులు ముందే అందరికీ తెరిచి పెడితే, ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటారు. ఒక్కదాన్నే పిలిచి ఇస్తే అది బహుమతి కాదు మాస్టారూ, మెడలో బోర్డు కట్టి నిలబెట్టడం. ఆ పసుపు రంగేమిటి?"

"రంగు కాగితమైతే బాగా చదువుతారని ఎక్కడో..."

"రంగుతో చదువొస్తే నేను రంగుల డబ్బా పట్టుకు తిరిగేదాన్ని. అక్షరం కాస్త పెద్దది, వరసల మధ్య ఎడం, అది మేలు. సరే, శుక్రవారం పరీక్షలో మీకు తెలియాల్సింది ఏమిటి? సర్క్యూట్ అర్థమైందా లేదా అనా, గడగడా చదువుతుందా అనా?"

"సర్క్యూటే."

"మరి చదవలేదని మార్కులు కోస్తారెందుకు? చదవడం నేర్పే పని నాది. వారానికి మూడు రోజులు, అక్షరం అక్షరం, శబ్దం శబ్దం కూర్చుని నేర్పుతున్నాను. అది ఆగదు. మీరు సైన్సుకి ఉన్న అడ్డు తీయండి చాలు. ప్రశ్న మాత్రం తేలిక చేయకండి. అలా చేస్తే అవమానించినట్టే."

ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని, అందరూ వినడానికి పాఠం నా గొంతుతో ఫోన్లో రికార్డు చేస్తున్నాను. మా అక్క తను పనిచేసే మోటార్ వైండింగ్ షాపు నుంచి అప్పుడే వచ్చి, చేతులకి రాగి పొడితోనే గుమ్మంలో నిలబడి ఆసాంతం వింది.

"ఇంతేనా ఈ పాఠం?" అంది. "నా ఏడో తరగతిలోనూ ఉండేదిరా. ఎవరూ ఇలా చదివి వినిపించలేదు. నా వంతు వచ్చేసరికి నేను క్లాసులో ఉంటేగా!"

"ఎక్కడికెళ్లేదానివే?"

"నీళ్లు తాగడానికి."

అక్కకి కుర్చీ వేసి, పాఠం మళ్లీ మొదటి నుంచి చదివి రికార్డు చేశాను.

బుధవారం వంతులవారీ చదువు మానేశాను. ఒక బల్ల మీద పెద్ద అక్షరాల తెల్ల కాగితాలు, ఇంకో బల్ల మీద స్కూల్లో దొరికిన ఆరు హెడ్‌ఫోన్లు, మూడో బల్ల మీద బ్యాటరీలు, తీగలు, బల్బులు పెట్టాను. "ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకోండి. అందరికీ ప్రశ్న ఒక్కటే, బల్బు ఎందుకు వెలుగుతుంది, ఎందుకు వెలగదు?" అన్నాను.

హెడ్‌ఫోన్ల కోసం మొదట ఎగబడ్డది మా ఫస్ట్ ర్యాంకర్. "చదివితే నిద్రొస్తుంది సార్" అన్నాడు. ఇన్నేళ్లుగా వాడు కళ్లు మూసుకుని పాఠాన్ని ఆస్వాదిస్తున్నాడనుకున్నాను. ఆ అమ్మాయి వరసలో నాలుగో మనిషిగా నిలబడింది. ఎవరూ తల తిప్పలేదు. విని, పెద్ద అక్షరాల కాగితం కూడా తీసుకుని, తీగల బల్ల దగ్గరకి పోయింది. ఆ గంటలో నీళ్లు తాగడానికి వెళ్లింది నేనొక్కణ్నే.

శుక్రవారం పరీక్షలో రాయొచ్చు, బొమ్మ గీసి గుర్తులు పెట్టొచ్చు, లేదా చేసి చూపిస్తూ చెప్పొచ్చు. అందరికీ ప్రశ్నలు అవే, మార్కుల పట్టికా అదే. "నోటితో చెబితే అదో పరీక్షా?" అంటూ హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా కుర్చీ వేయించుకుంది. చేసి చూపిస్తామన్నది తొమ్మిది మంది. అమ్మాయి వంతు మూడోది. లేస్తుందేమోనని గుమ్మం వైపే చూస్తున్నాను. లేచింది. బల్ల దగ్గరకే వచ్చింది.

స్విచ్ వేసింది. బల్బు వెలగలేదు. ఒక్కొక్కరికీ కొత్తగా కట్టిన సర్క్యూట్లో, కనిపెట్టమని నేను కావాలనే పెట్టిన తప్పు అక్కడుంది.

"రెండు బ్యాటరీలు ఎదురెదురుగా పెట్టారు సార్. దీని తోపుడు దాని తోపుడుతో కొట్టుకుపోయింది." ఒకటి తిప్పి పెట్టింది. అయినా వెలగలేదు.

ఇంకో తప్పు నేను పెట్టలేదే!

ఆమె తొందరపడలేదు. బల్బు మార్చి చూసింది. తీగ వెంబడి వేలు పోనిచ్చి కొస దగ్గర ఆగింది. "ఇక్కడ పైన ప్లాస్టిక్ తియ్యలేదు. లోపలి రాగి తగలట్లేదు. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి తెగిపోయింది." పళ్లతో కొరకబోతే హెడ్‌మిస్ట్రెస్ గబుక్కున కత్తెర అందించింది. బల్బు వెలిగింది.

"ఇది కూడా మీరు కావాలనే పెట్టారా సార్?"

"అవునమ్మా," అన్నాను. సర్టిఫికెట్ ఉన్నవాణ్ని, ఇంకేం అంటాను?

హెడ్‌మిస్ట్రెస్ నా మొహం చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. ఇరవైకి పదిహేడు. "ఈ సెక్షన్లోనే ఉంటుంది" అని రిజిస్టర్ మూసింది. మూడు మార్కులు ఎందుకు పోయాయంటే ఫ్యూజు ప్రశ్న నిజంగానే తెలియలేదు. ఆ మూడూ నేను వేయలేదు, ఆమె అడగనూ లేదు.

సోమవారం క్లాసు ముందు నిలబడి, ఆ పేరు పెట్టింది నేనేననీ, ఇక ఎవరూ అలా పిలవొద్దనీ చెప్పి క్షమాపణ అడిగాను. ఆమె ఇప్పటికీ మెల్లగానే చదువుతుంది. నేను ఇప్పటికీ తీగలు సరిగ్గా ఒలవలేను. ఫ్రేమ్ కట్టించలేదు.

మా ఇంట్లో ఒక్కరినే చదివించగలమన్నప్పుడు, గడగడా చదివేవాణ్నని నన్ను ఉంచి, మా అక్కని ఏడో తరగతిలో మాన్పించారు. పాడైన మోటారుకి చెవి ఆనించి విని జబ్బు చెప్పే మనిషి ఆమె. మీ క్లాసులో పాఠం వంతులవారీగా చదివిస్తుండగా ఎవరైనా నీళ్లు తాగొస్తానని లేస్తే, పంపించే ముందు ఒక్క క్షణం మా అక్కని గుర్తు చేసుకోండి.