మూగబోయిన మూడో లైను

గడియారం మళ్ళీ పనిలోకి వస్తున్న రోజు పొద్దున్నే పెద్దక్కకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అంబులెన్సు కాల్ సెంటర్లో పగటి షిఫ్టు ఇన్‌చార్జిని అందరూ పెద్దక్క అంటారు. ఇరవై ఏళ్ళుగా ఊరివాళ్ళ కేకలన్నీ చెవిలో పెట్టుకుని నిబ్బరంగా పనిచేసిన మనిషి. ఇవాళ మాత్రం భయం. ఏడింటికి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా వస్తుందని గడియారం అని పేరు పడ్డ ఆ అమ్మాయి, తండ్రి గుండె ఆగి చనిపోయాక మూడు వారాల సెలవు ముగించుకుని వస్తోంది.

నిరుడు భర్త పోయాక మళ్ళీ పనిలోకి వచ్చిన ఒకావిడకి వీళ్ళంతా పూలగుత్తి ఇచ్చి చప్పట్లు కొట్టారు. ఆవిడ నవ్వింది, మధ్యాహ్నం భోజనానికని బయటికెళ్ళింది, ఇక రాలేదు. చప్పట్లు మొదలుపెట్టింది పెద్దక్కే. ఈ పిల్ల కూడా అలాగే వెళ్ళిపోతే ఆ పాపం తన మెడకే చుట్టుకుంటుందని ఆవిడ బెంగ.

అందుకే ఈసారి ముందురోజే అమ్మాయికి ఫోన్ చేసి, ఇక్కడివాళ్ళకి ఏం చెప్పమంటావని అడిగింది.

“నాన్న పోయారని చెప్పేయండక్కా. ఒక్కొక్కళ్ళకీ మళ్ళీ నేను చెప్పలేను. పట్టుకుని ఏడవొద్దని కూడా చెప్పండి.”

చెప్పింది. గడియారం పక్క సీటాయనకి మరీ గట్టిగా చెప్పింది. ఆయన నోరు ఊరుకోదు, పేరే లొడలొడ.

“ఎలా ఉన్నావని అడక్కు. ధైర్యంగా ఉండమనకు. జోకులు అసలే వద్దు.”

“ఊపిరి తీసుకోవచ్చా?” అన్నాడాయన బిక్కమొహం వేసి.

“నాన్నగారి సంగతి విని బాధేసిందను. అని నోరు మూసుకో.”

సరిగ్గా ఏడింటికి గడియారం వచ్చింది. మనిషి సగమైంది. పెద్దక్క గుమ్మం దగ్గరే నెమ్మదిగా చెప్పింది: “నాన్నగారు పోయినందుకు చాలా బాధగా ఉందమ్మా. ఇవాళంతా నీ పక్కనే రెండో హెడ్‌సెట్ పెట్టుకుని వింటుంటా. ఏ కాల్ వద్దనిపించినా చెయ్యెత్తు, నేను అందుకుంటా. ఎప్పుడు లేచి వెళ్ళాలన్నా వెళ్ళు, కారణం చెప్పక్కర్లేదు.”

అమ్మాయి తలూపింది. లొడలొడ అప్పజెప్పాల్సిన మాట అప్పజెప్పి చప్పున తన ఫోన్ వైపు తిరిగిపోయాడు.

పెద్దక్క అన్నీ బాగానే చేసింది, ఒక్కటి తప్ప. వచ్చే మొదటి కాలే ఎవరి తండ్రిదో అయితే? ఆ భయంతో ఎవరికీ చెప్పకుండా తన కంప్యూటర్లో మూడో లైను ఆపేసింది. అది గడియారం లైను.

నలభై నిమిషాలు గడిచాయి. చుట్టూ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

“అక్కా, పక్కన ఆరు కాల్స్ వచ్చాయి. నాకొక్కటీ రాలేదు. నా లైను ఆపేశారా?”

మెషీన్ పాడైందన్న అబద్ధం పెద్దక్క నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. “ఆపేశాను. నువ్వు తట్టుకోలేవేమోనని భయమేసింది.”

“ఇంట్లోనూ అంతే. నేను గదిలోకి రాగానే మాటలు ఆపేస్తున్నారు. ఇక్కడైనా నా పని నాకుంటుందని వచ్చా. ఇక్కడా లేనట్టే కూర్చోవాలంటే వెళ్ళిపోతా.” చెయ్యి బ్యాగు మీద పడింది.

పెద్దక్క తన కంప్యూటర్ వైపు తిరిగింది. “తప్పు నాదే. అడక్కుండా చేశాను. ఇప్పుడు అడుగుతున్నా, తెరవనా?”

“తెరవండి.”

తెరిచిన నిమిషానికే మోగింది. “మా నాన్న పడిపోయారు, పలకట్లేదు,” అంటోంది ఒక ఆడగొంతు.

పెద్దక్క వేలు కాల్ అందుకునే మీట మీదికి పోయింది. అమ్మాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. చెయ్యి మాత్రం లేవలేదు.

“అడ్రస్ చెప్పండి. బండి బయల్దేరుతుంది. ఊపిరి మామూలుగా తీసుకుంటున్నారా?”

“గురకలా వస్తోంది, అప్పుడప్పుడూ.”

“అది సరైన ఊపిరి కాదమ్మా. నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, త్వరత్వరగా నొక్కండి. నాతోపాటు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు.”

ఏడు నిమిషాలు లెక్కపెట్టింది. మధ్యలో ఒకసారి లెక్క తప్పి మళ్ళీ అందుకుంది. పెద్దక్క వేలు మీట మీదే ఉంది కానీ నొక్కలేదు. చివరికి అంబులెన్సు వాళ్ళ మాటలు వినిపించి లైను కట్టయింది. ఆయన బతికాడో లేదో వీళ్ళకి ఎవరూ చెప్పరు.

అమ్మాయి హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది.

“మా నాన్న దగ్గర లెక్కపెట్టేవాళ్ళు లేరక్కా. ఇంట్లో ఒక్కరే ఉన్నారు. అప్పుడు నేనిక్కడ, ఈ సీట్లో, ఎవరి నాన్నకో లెక్కపెడుతున్నా.”

నీ తప్పేం లేదు, అంతా రాత, ఆయన ఎక్కడున్నా నిన్ను చూస్తుంటారు. అలవాటైన మాటలన్నీ పెద్దక్క నోటి దాకా వచ్చాయి. ఒక్కటి తప్పు పలికినా ఈ పిల్ల లేచి వెళ్ళిపోతుంది. ఆ భయంతోనే అన్నీ వదిలేసింది.

“అవును,” అంది. “ఆయన దగ్గర ఎవరూ లేరు.”

అమ్మాయి ఆవిడ వంక చూసింది. “ఈ మూడు వారాల్లో కాదనకుండా విన్నది మీరొక్కరే,” అని బల్ల మీద తల ఆన్చి ఏడ్చింది. పెద్దక్కకి భయం పోలేదు. కుర్చీ కదపకుండా పక్కనే కూర్చుంది.